ఎటు అని చెప్పని గీత

"ఏడీఎక్స్ గీత పైకి లేస్తే పచ్చరంగు. అంతే. మల్లయ్యగారు అడిగింది అదే," అన్నాడు పార్థసారథి.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో పార్థసారథిది రెండు గదుల కంపెనీ. షేర్ల ధరలను కంప్యూటర్లో గీతలుగా చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. ధర కదలికలో ఊపు ఎంతుందో కొలిచే గీత ఏడీఎక్స్. ఉమాశ్రీ అక్కడ చేరి ఏడాది కావస్తోంది. ఈ గీత పని సరిగా ఒప్పజెబితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. దాన్ని చూడడానికి కూకట్‌పల్లి షేర్ బ్రోకరు మల్లయ్య మధ్యాహ్నం వస్తున్నాడు.

"సార్, పరీక్షకు పెట్టిన సిమెంటు కంపెనీ షేరు ధర నెల నుంచీ పడిపోతోంది. గీతేమో లేస్తోంది. స్క్రీనంతా పచ్చగా ఉంది. పడే షేరును కొనమన్నట్టుంది కదండీ."

"లెక్క తప్పిందేమో చూడు."

"చేత్తో కూడా వేసి చూశాను, తప్పలేదు. పైకి ఎంత లాగుతోంది, కిందికి ఎంత లాగుతోంది అని రెండు గీతలు వస్తాయి. వాటి మధ్య ఎడం ఎంతన్నదే ఏడీఎక్స్ తీసుకుంటుంది. ఏది పైనుందో పట్టించుకోదు. ఊపు పెరిగిందంటుంది గానీ, ఎటు అనదు."

"మల్లయ్యగారికి పాఠాలు చెప్పకమ్మా. మూడు గీతలు చూపిస్తే లేచి వెళ్ళిపోతాడు. ఆపైన నీ సంగతి నేను చూడలేను."

ఉమాశ్రీ డబ్బా తెరిచి పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రోగ్రాములో పచ్చరంగు వేసే వరుసలు తీసేసింది.

మల్లయ్య వచ్చేసరికి స్క్రీను పైసగానికి తెల్ల కాగితం అంటించి ఉంది.

"ఏంది బిడ్డా, టీవీకి పరదా కట్టినవ్?"

"కింది గీత చూడండి సార్. పద్దెనిమిది నుంచి ముప్పై నాలుక్కి లేచింది. మీరైతే ఏం చేస్తారు?"

"ఏం జేస్త? కొనిపిస్త. ముందుగాల మా బామ్మర్దితోని."

ఆమె కాగితం లాగేసింది. ధర గీత మెట్ల మీంచి జారినట్టు కిందికి దిగిపోయి ఉంది. మల్లయ్య కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు.

"తలకిందులుగ గీసినవా ఏంది?"

"లేదు సార్. పడటంలోనే జోరు పెరిగింది." మిగతా రెండు గీతలూ వేసింది. "కిందికి లాగేది పైన ఉంది చూడండి. ఎటు అన్నది వీటిని బట్టే తెలుస్తుంది."

పార్థసారథి దగ్గాడు. "కావాలంటే ఒక్క గీతే ఉంచుదామండీ."

"అవును, మూడంటే మావోళ్ళు పరేషానైతరు."

"ఒక్కటే ఉంచుతాను సార్," అంది ఉమాశ్రీ. "రంగు మాత్రం ఆ రెండింటిని బట్టి వేస్తాను. పైకి లాగేది పైనుంటే పచ్చ, కిందికి లాగేదైతే ఎరుపు. ఏడీఎక్స్ లేచిందని పచ్చ వెయ్యను."

"ఎయ్యనంటవ్?"

"వెయ్యను సార్."

మల్లయ్య ఆ తెల్ల కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత పార్థసారథి వైపు తిరిగాడు. "గీ పిల్లను రేపు మా ఆఫీసుకు తోల్కరాండ్రి. అందరికీ గీ పరదా ఆట సూపియ్యాలె. మీ సాఫ్ట్‌వేర్ కొనే కాయితం మీద సంతకం గాడనే జేస్త."

ఆయన్ని లిఫ్టు దాకా సాగనంపి పార్థసారథి వచ్చేసరికి ఆమె ఎరుపుకు వరుసలు రాస్తోంది.

"నీ ఉద్యోగం మాట సంతకమయ్యాక చూద్దాం," అన్నాడు.

"అలాగే సార్. ముందు ఇది అవనీయండి," అంది తల తిప్పకుండా.