తొంభై రెండు శాతం దొంగతనం

మా యూనివర్సిటీ లైబ్రరీలో థీసిస్‌లు కాపీవో కావో తనిఖీ చేసే ఆఫీసరుకి మేం పెట్టుకున్న పేరు పర్సెంటేజీ గారు. ఎదురుపడితే నమస్కారం కంటే ముందు అంకె చెబుతాడు. "నాలుగు" అంటే హాయిగా కాఫీకి పోవచ్చు, "ముప్ఫై" అంటే మొహం వేలాడేసుకుని ఇంటికి పోవాలి. నాకు ఆయన అంకె ఏదీ చెప్పలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. అద్దకం కార్ఖానాల మురుగునీటిలోంచి రంగు ఎలా తీయాలో నేను ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలన్నీ పేజీ పేజీనా ఎర్రరంగు పూసుకుని కూర్చున్నాయి. నీళ్లలో రంగు తీయడం నేర్చుకున్నాను గానీ ఆ రంగు తీయడం నాకు తెలీదు. తొంభై రెండు శాతం ఇంకెవరి ప్రతితోనో సరిపోయిందట.

ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా, ఆయన సంతకం పడ్డ రిపోర్టుతో సహా థీసిస్ ఇవ్వాలి. ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పొడిగించాల్సిన గడువులన్నీ ఎప్పుడో పొడిగించేశారు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఇంట్లో పిల్ల జడలు వేసుకుంటూ నెట్టుకొచ్చిన చదువు అంతా ఆ తెర మీద ఎర్రగా మండుతోంది.

ఆ ఇంకెవరో ఎవరని అడిగాను. ఆయన కింద చిన్న వరుస చూపించాడు. ఫలానా కాలేజీలో ఒక విద్యార్థి ప్రతిగా జమ అయిందని ఉంది. ఆ కాలేజీ పేరు చదవగానే ఒంటికాలి మీద లేచాను. అది మా వదిన పనిచేసే కాలేజీ.

మా వదినంటే మా ఆయన అక్కగారు. ఆవిడ కూడా లెక్చరరే. చిత్తుప్రతి పూర్తికాగానే, వదిన కదా, చదివి చెబుతుంది కదా అని ఆవిడకి పంపాను. చదివి చెప్పింది, చెప్పకేం. "మూడో అధ్యాయం దగ్గర రెండుసార్లు కునుకు తీశానమ్మా" అంది. అదీ మా అత్తగారి ముందు. ఆ రోజు నుంచీ ఆవిడతో మాటలు బంద్. మా ఆయన మధ్యలో నలిగిపోతున్నాడు గానీ ఆ నలగడం ఆయనకి అలవాటే.

ఇప్పుడు అర్థమైంది. నా చిత్తుప్రతి తీసుకెళ్లి ఎవరో శిష్యుడి చేతిలో పెట్టింది. వాడు తన పేరు రాసుకుని దర్జాగా సమర్పించేశాడు. ఇదే మాట పర్సెంటేజీ గారికి గడగడా చెప్పేశాను. ఆయన తాపీగా విన్నాడు. అంకె చూసి ఎవర్నీ దొంగ అనకూడదన్నాడు. అంకె చెప్పేది ఈ రెండూ ఒకటేనని మాత్రమేనట, ఎవరిది ఎవరు తీసుకున్నారో చెప్పదట. ఒక్కోసారి మనిషి సొంత చిత్తుప్రతే ఈ తనిఖీ యంత్రంలో నిలవ ఉండిపోయి, తర్వాత ఆ మనిషి మీదే ఫిర్యాదు చేస్తుందట.

అదెలా అన్నాను. ఈ తనిఖీ యంత్రానికి పెద్ద పెట్టె లాంటిది ఉందట. అందులో ఏది వేసినా, వద్దని ముందే చెప్పకపోతే, ఒక ప్రతి దాచేసుకుంటుంది. మొదటిసారి వేసినప్పుడు ఏమీ కనబడదు, ఎందుకంటే అప్పటికి లోపల అది లేదు. మళ్లీ ఇంకోచోట నుంచి వేస్తే, దాచిన ప్రతి బయటికొచ్చి నేను ముందే ఉన్నానంటుంది. రాసింది ఒకరేనా ఇద్దరా అన్నది దానికి పట్టదు.

"అయితే ఆ ప్రతి నాదే. రిపోర్టులోంచి తీసెయ్యండి" అన్నాను.

"తీయగలను. మీరు చెప్పారని తీయను" అన్నాడు. "వేరే కాలేజీ ప్రతి మాకు తెరుచుకోదు. దాన్ని వేయించుకున్న క్లాసు టీచరుని అడగాలి. వాళ్లు ఇది ఫలానా వారిదని చెప్పాలి."

నా ఎదురుగానే ఒక మీట నొక్కాడు. ఆ టీచరుకి నా పేరు లేకుండా మెయిలు పోయింది. సంగతి చెబుదామని మా ఆయనకి ఫోను చేస్తే, అక్కకి ఓ మాట చెప్పమన్నాడు. మీ అక్కకి నేను చెయ్యనన్నాను. ఆయనే చేశాడు, వదిన ఎత్తలేదు. క్లాసులో ఉంటే ఆవిడ ఫోను సంచి అడుగున ఉంటుంది.

అక్కడే కూర్చున్నాను. ఎవరెవరో వచ్చి అంకెలు చెప్పించుకుని పోతున్నారు. ఒకమ్మాయికి "ఆరు" అంటే గంతేసింది. నాకు ఏడుపొచ్చింది. కోపం ఒక పక్క, భయం ఒక పక్క. నిజానికి రెండోదే ఎక్కువ.

పర్సెంటేజీ గారు కళ్లజోడు సర్దుకుని, జవాబొచ్చింది, ప్రతి చూపించడానికి ఒప్పుకోలేదన్నాడు. ఆయన మాత్రం తెర చూస్తూ నవ్వుతున్నాడు. పైకి చదివాడు.

"అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మీరడిగిన ప్రతి మా మరదలి థీసిస్. తను ఇంకా సమర్పించలేదు. ముందే తప్పులు పట్టుకుందామని నేనే నా క్లాసు ఖాతాలో వేసి చూశాను. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక కన్ను పొయ్యి మీద వేసి రాసిన పని అది. నా సర్వీసులో ఇంత నిజాయితీగా చేసిన ప్రయోగాలు చూడలేదు. ఒక్క పేజీ కూడా మీకు చూపించను. మీ దగ్గర ఎవరిదో దీనితో తొంభై రెండు శాతం సరిపోయిందని మెయిల్లో ఉంది. ఆ దొంగ పేరు నాకు పంపండి. నేను ఊరుకోను."

కింద వదిన పేరు, హోదా, ప్రతి వేసిన తేదీ, నా పేరు, నా థీసిస్ పేరు అన్నీ ఉన్నాయి.

"పేరు పంపమంటారా?" అన్నాడు పర్సెంటేజీ గారు.

గబగబా తల అడ్డంగా ఊపాను. ఆయన ఆ మెయిలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టాడు. రిపోర్టులోంచి ఆ ఒక్క ప్రతినీ పక్కకి తప్పించాడు. ఎరుపంతా పోయి, అక్కడక్కడా ప్రయోగ పద్ధతుల దగ్గర కాస్త మిగిలింది. "ఐదు" అన్నాడు. అంత తియ్యటి అంకె నేను వినలేదు. ఇంకోసారి చిత్తుప్రతి వేస్తే పెట్టెలో దాచొద్దని ఎంచుకోమని మీ వదినగారికి చెప్పండి, లోపలున్నది పూర్తిగా తీయించాలంటే వాళ్ల కాలేజీవాళ్లే అడగాలి అని చెప్పి సంతకం పెట్టాడు.

కాగితాలు సర్దుకుంటుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. చిత్తుప్రతిలో కృతజ్ఞతల పేజీ చివర వదిన గురించి ఒక వాక్యం ఉంది. కునుకు మాట విన్న రోజు దాన్ని కొట్టేశాను. కొట్టేసింది నా ప్రతిలోనే. వదిన దగ్గర అది అలాగే ఉంది. అది చదివాకే ఆవిడ నా థీసిస్ తీసుకెళ్లి ఆ పెట్టెలో వేసింది.

సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

కృతజ్ఞతల పేజీ మార్చొచ్చా అని పర్సెంటేజీ గారిని అడిగాను. ఆ పేజీ తనిఖీలోకి రాదని, ఎంతమందికైనా కృతజ్ఞతలు చెప్పుకోవచ్చని అన్నాడు. బైండింగు షాపుకి పరిగెత్తుతూనే ఫోను చేశాను. ఈసారి ఎత్తింది.

"వదినా, దొంగ దొరికింది."

"ఎవరే వాడు? పేరు చెప్పు."

"నేనే" అన్నాను. జరిగిందంతా చెప్పాను, కొట్టేసిన వాక్యం సంగతితో సహా.

వదిన గొంతు సవరించుకుంది.

"అది మళ్లీ పెడుతున్నావా?"

"పెడుతున్నాను వదినా."

"నా దగ్గరున్నట్టే పెట్టు. ఒక్క అక్షరం మార్చకు" అంది. "అదొక్కటి నేను నిద్రపోకుండా చదివాను."