తొమ్మిదో నిబంధన ప్రకారం

బడిపిల్లల సైన్సు పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో బొమ్మలు వేసే చిత్రకారుడికి ‘రేపుగారు’ అని పేరు. ఎప్పుడడిగినా బొమ్మలు రేపు ఇచ్చేస్తాననేవాడు మరి. ఉద్యోగి కాదు, ఒప్పందం మీద ఇంటి నుంచి పనిచేస్తాడు. అతనికున్న అసలు అర్హత యజమానికి బామ్మర్ది కావడం.

అతను సాలెపురుగుకి ఆరు కాళ్లే వేసిన రోజున యజమాని మేనేజరుని గదిలోకి పిలిచాడు.

“అమ్మా, వీణ్ణి ఎలాగోలా సాగనంపు. నా పేరు మాత్రం బయటికి రాకూడదు.”

“ఒప్పందం మీద సంతకం మీదే కదా సార్. నోటీసు కూడా మీ సంతకంతోనే వెళ్లాలి.”

“ఫోన్లో చెప్పేస్తే పోదా?”

“పోదు సార్. తొమ్మిదో నిబంధన ఉంది.”

యజమాని ఆ ఒప్పందాన్ని జీవితంలో మొదటిసారి చదివాడు. తప్పేమిటో రాతపూర్వకంగా తెలిపి, దిద్దుకోవడానికి పది రోజులు గడువివ్వాలి. అప్పటికీ దిద్దకపోతేనే రద్దు. ఏడాదిగా ఎన్నో చీవాట్లు పెట్టారు గానీ అన్నీ ఫోన్లోనే. కాగితం మీద చూస్తే రేపుగారంత నిప్పులాంటి మనిషి లేడు.

మేనేజరు యజమాని చేత సంతకం పెట్టించి మొదటి నోటీసు పంపింది. రావలసిన బొమ్మలు పద్నాలుగు, వచ్చినవి ఐదు, వాటిలో తప్పున్నవి రెండు, ఏ పేజీవి, ఏం తప్పు, గడువు ఏ తేదీతో ముగుస్తుంది. రేపుగారు జవాబుగా బొటనవేలు బొమ్మ పంపాడు. సమయానికి అందిన బొమ్మ అదొక్కటే. ఆమె దాన్ని కూడా తేదీ వేసి ఫైల్లో పెట్టింది.

పదో రోజున సాలెపురుగు తిరిగొచ్చింది. ఈసారి పది కాళ్లు. తప్పున్న రెండో బొమ్మ, రావలసిన మిగతా తొమ్మిది బొమ్మల ఊసే లేదు.

రద్దు నోటీసు ముసాయిదాని యజమాని శ్రద్ధగా దిద్దాడు. ‘గడువులోగా లోపాలు సరిదిద్దనందున’ అన్న చోట తన చేత్తో ‘ఒళ్లు వంచని మనిషైనందున, వాళ్లింటి వరసే అంత అయినందున’ అని చేర్చి పెద్ద కళాఖండం సృష్టించినట్టు వెనక్కి వాలాడు.

“వరసకి నిబంధన లేదు సార్,” అంటూ మేనేజరు ఆ ముక్క కొట్టేసింది. తను రాసిన ‘తీవ్ర నిర్లక్ష్యంతో’ అన్న మాటా తీసేసింది. ఏం జరిగిందో ఉంటే చాలు, ఎలాంటివాడో అక్కర్లేదు. చివరికి ఒక పేజీ మిగిలింది: ఒప్పందం ఏ తేదీది, ఏ పేజీలో ఏ తప్పు దిద్దలేదు, ఏ నిబంధన కింద రద్దు, ఎప్పటి నుంచి అమలు, ఆమోదించిన మూడు బొమ్మలకు చెల్లింపు, వాటి మూల ఫైళ్లు ఏడు రోజుల్లో అప్పగించాలి, తిరస్కరించినవి అతనివే. యజమాని సంతకం చేశాడు. మెయిల్లో ఒకటి, రసీదుండేలా రిజిస్టరు పోస్టులో ఒకటి వెళ్లాయి.

మూడో రోజు యజమాని భార్య ఆఫీసుకి వచ్చింది. భర్త వంకైనా చూడకుండా కూర్చుంది.

“మా తమ్ముణ్ణి ఎవరు తీసేశారు?”

“నాకేం తెలీదే. ఈ అమ్మాయే ఏదో పెట్టి సంతకం చెయ్యమంది, చేశాను,” అన్నాడు యజమాని, పాలు తాగే పిల్లాడిలా.

మేనేజరు ముఖం వేడెక్కింది. పన్నెండేళ్ల కొలువు. నోరు విప్పితే ఏమంటుందో తనకే తెలియక, లేచి ఫైలు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. అందులో అన్నీ తేదీల వరసలో ఉన్నాయి, దిద్దిన ముసాయిదాతో సహా.

ఆవిడ నింపాదిగా చదివింది. సాలెపురుగుల దగ్గర నవ్వాపుకుంది. ముసాయిదా దగ్గర ఆగింది.

“ఈ దస్తూరీ ఎవరిది?”

యజమాని గోడ మీది క్యాలెండరు చూడసాగాడు. అందులో అంత ఆసక్తికరమైన తేదీ ఏదీ లేదు.

“వాణ్ణి తీసేస్తే తీసేశారు. వాడి పని నాకు తెలీనిదా? మా ఇంటి వరసేంటో మాత్రం ఇంటికొచ్చాక చెబుదురు గాని.” వెళ్తూ మేనేజరు భుజం తట్టింది. “నువ్వు కొట్టేశావు చూడు. అదీ చదివానమ్మా.”

ఆ వారమంతా యజమాని మధ్యాహ్నం భోజనం బయటే చేశాడు.

ఐదో రోజున రేపుగారు స్వయంగా వచ్చి మూల ఫైళ్లు ఇచ్చాడు. మేనేజరు తెరిచి, సరిచూసి, అందినట్టు రసీదు రాసిచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీ రద్దు నోటీసు రెండుసార్లు చదివానండీ. బావ ఏడాదంతా తిట్టాడు గానీ, ఏ పేజీలో ఏం తప్పో ఒక్కరోజూ చెప్పలేదు.”

“మొదటి నోటీసులో చెప్పాను కదండీ.”

“అందులో సాలెపురుగు అన్న మాట దాకా చదివాను. మిగతాది రేపు చదువుదామనుకున్నాను,” అన్నాడతను.

ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ రెండూ ఫైల్లో రాయలేదు.