మధుపర్కాల అంచు

సూరత్ నగరం అడాజన్‌లోని ఆ హోటల్ గదిలో ఎల్లవ్వకు పగలంతా మగతగానే ఉంది. కరోనా తగిలిన అత్తాకోడళ్లిద్దరినీ అక్కడ ఉంచారు. జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉంటే తెల్లటి కర్టెన్లు ఆమెకు మగ్గం మీది నూలులా కనిపించేవి.

ఆ నూలు గుర్తుకు రావడానికి కారణం ఉంది. ఊళ్లో తమ్ముడి కూతురు శ్రీలేఖ పెళ్లి ఆ రోజే. పెళ్లికూతురు కట్టే మధుపర్కం ఎల్లవ్వ భర్త నేసిందే. సూరత్ మిల్లుల్లో వయసంతా గడిపిన మనిషి, చనిపోయే ముందు ఆఖరిసారి ఊరికి వెళ్లినప్పుడు మేనకోడలి కోసమని చేతిమగ్గం ఎక్కాడు. అప్పటికే చెయ్యి వణికేది. ఆ ఎర్రంచు ఆ పిల్ల ఒంటి మీద చూడాలని ఎల్లవ్వ ఆశ. ఫోన్లో చూస్తే ఆమె కళ్లకు అంచూ ఆనదు, మనిషీ ఆనదు.

ఊరి నుంచి లైవ్‌లో వచ్చే పెళ్లిని పెద్దగా చూపించాలని కోడలు సుభాషిణి టీవీని హోటల్ వైఫైకి కలిపింది. కలిసింది కానీ నెట్ రాలేదు. గది నంబరు, పేరు అడిగే పేజీ ఫోన్లోనైతే తెరుచుకుంది, టీవీలో తెరుచుకోలేదు. ఫోన్లో నింపితే ఫోన్‌కే పనిచేసింది. తన ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే ఆ రోజు డేటా పొద్దుటి వీడియో కాల్స్‌కే అయిపోయింది. చివరికి అత్త పాత ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి టీవీని దానికి కలిపింది. పెళ్లిపందిరి గోడంత అయి గదిలోకి నడిచొచ్చినట్టయింది.

అంతలో ఆ పాత ఫోనే మోగింది, బొమ్మ ఆగిపోయింది. మరదలు నాగేశ్వరి, పెళ్లికూతురి తల్లి. ఎల్లవ్వ ఆ ఇంటి ఆడబిడ్డ. ఆమెను అడగకుండా ఆ ఇంట్లో ఏ తంతూ మొదలుపెట్టరు. గౌరీపూజకు అడిగింది, పిల్లను బుట్టలో తేవడానికి అడిగింది. అడిగినప్పుడల్లా పందిరి ఆగిపోయి, టీవీలో తెల్లటి చక్రం తిరిగేది.

"అత్తమ్మా, ఈ ఫోన్ల కాల్ వస్తే నెట్ ఆగుతది," అంది సుభాషిణి. "వద్దని చెప్పుండ్రి."

అడగొద్దని ఎట్లా చెప్పడం? అడగడమే కదా ఆడబిడ్డకు మిగిలిన మర్యాద. మళ్లీ మోగింది. ఎల్లవ్వ ఎత్తింది.

"వదినె, పిల్లకు మధుపర్కం కట్టిస్తున్నం. సెలవియ్యి."

"ఇస్తున్న, నాగేశ్వరీ. ఇగ తాళికీ, తలంబ్రాలకూ, అప్పగింతలకూ అన్నిటికీ ఇప్పుడే ఇస్తున్న. మల్ల నన్ను అడగకు. నువ్వు అడిగినప్పుడల్లా బిడ్డ మాయమైతున్నది."

"నలుగురు నన్ను తిట్టిపోస్తరు, వదినె."

"నేనే అడగొద్దన్ననని చెప్పు. ఇంకా తిడితే, నా వంతు గూడ కలిపి తిట్టుండ్రి అను."

నాగేశ్వరి నవ్వుతూనే ముక్కు ఎగబీల్చి ఫోన్ పెట్టేసింది. చక్రం ఇంకాసేపు తిరిగి ఆగింది. శ్రీలేఖ తెల్లటి మబ్బులోంచి దిగినట్టు పీటల మీద కూర్చుంది. ఎర్రంచు భుజం మీదుగా జారి, ఒకచోట సన్నబడి, మళ్లీ తేరుకుని కిందికి సాగింది.

ఎల్లవ్వ లేచి, టీవీ దగ్గరకు వెళ్లి, ఆ సన్నబడిన చోట వేలు ఆనించింది.

"ఇక్కడనే మీ మామ చెయ్యి వణికింది," అంది. ఫోన్ మళ్లీ మోగలేదు.