చీకటంటే భయపడే గున్న

బస్సు నడిపే నాన్న తెల్లవారకముందే లేవాలి. నర్సుగా చేసే అమ్మకి ఈ వారమంతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. అందుకే మూడేళ్ళ బుడంకాయని నిద్రపుచ్చే పని నాన్న మెడకి చుట్టుకుంది. పిల్లకి ఈమధ్య చీకటంటే భయం పట్టుకుంది. లైటు తీస్తే ఏడుపు, వేస్తే ఆట.

"ఏనుగు కథ చెప్పు," అంది బుడంకాయ, దుప్పటి గడ్డం దాకా లాక్కుని.

"ఒక అడవిలో గున్న ఏనుగు ఉండేది. దానికి చీకటంటే భయం. ఒకరోజు రాత్రి వాళ్ళమ్మ నుంచి తప్పిపోయింది."

పిల్ల లేచి కూర్చుంది. "వాళ్ళమ్మేదీ?"

"కథ చివర్లో వస్తుందిలే."

"ఇప్పుడే రావాలి." పెదవి వణికింది.

అమ్మ ఇంట్లో లేని పిల్లకి తల్లి తప్పిపోయిన కథ చెబుతున్నానని నాన్నకి అప్పుడు తట్టింది. నాలిక కరుచుకున్నాడు.

"సరే, తప్పిపోలేదు. వాళ్ళమ్మ పక్కనే ఉంది. దూరంగా నల్లగా ఏదో కనిపిస్తే గున్న దయ్యం అనుకుంది. కానీ అది ఉత్త పొద. దయ్యాలు లేవు."

"దయ్యం ఎక్కడుంది?"

"లేదంటున్నాగా, తల్లీ."

"మంచం కిందుందా?"

నాన్న నడుం పట్టుకుని వంగి చూశాడు. ఒక చెప్పు, ఒక బంతి ఉన్నాయి. "ఏం లేదు."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. రెండుసార్లు వంగి వెతికాడంటే అక్కడ ఏదో ఉండే ఉంటుందని పిల్లకి గట్టి నమ్మకం కుదిరింది. కాళ్ళు ముడుచుకుని గోడకి అతుక్కుపోయింది.

పక్కగదిలో ఇస్త్రీ చేస్తున్న మేనత్త తలుపు సందులోంచి అంది. "ఇందాకటి దాకా దానికి దయ్యం సంగతే తెలీదు, తమ్ముడూ. తెచ్చిపెట్టింది నువ్వే."

"అయితే నువ్వొచ్చి చెప్పు."

"నా పని కాలేదు."

నాన్న కథలో గున్నకి ఒక మిణుగురు నేస్తాన్ని ఇచ్చాడు. బుడంకాయ తనకీ మిణుగురు కావాలంది. టార్చి ఇచ్చాడు. ఆ వెలుతురులో చెయ్యి పెట్టి గోడ మీద కుక్క బొమ్మలు మొదలుపెట్టింది. కళ్ళు టార్చి కన్నా ఎక్కువ వెలుగుతున్నాయి.

"ఇంక చాలు, పడుకో," అన్నాడు. తను అనుకున్న దానికన్నా గొంతు పెద్దదైపోయింది. పిల్ల ఏడవలేదు. టార్చి ఆర్పి అతని చేతికిచ్చి, చిన్నగా అడిగింది.

"గున్నకి చీకట్లో ఏం కనిపించింది?"

నాన్న పెద్ద లైటు తీసేశాడు. వరండా లైటు ఉంచి, తలుపు ఓరగా వేసి, పక్కన పడుకున్నాడు.

"గున్న వాళ్ళమ్మ కాళ్ళ మధ్య నిలబడింది. 'అమ్మా, ఏమీ కనబడట్లేదు' అంది. 'కాసేపు ఆగు. కళ్ళు చీకటికి అలవాటు పడాలి' అంది వాళ్ళమ్మ. ఇద్దరూ ఆగారు."

నాన్న కూడా ఆగాడు. మాట్లాడకుండా ఉండడం కష్టంగానే ఉంది.

"బీరువా కనిపించింది," అంది బుడంకాయ.

"గున్నకి చెట్టు కనిపించింది."

"కుర్చీ కూడా."

"గున్నకి రాయి కనిపించింది. 'మరి నువ్వు కనబడకపోతే?' అని అడిగింది. 'నేను మ్మ్మ్ అంటాను. అది నేలలోంచి వచ్చి నీ పాదాలకి తెలుస్తుంది' అంది వాళ్ళమ్మ. ఏనుగులకి నిజంగానే అలా తెలుస్తుంది."

పిల్ల చల్లని పాదం తెచ్చి అతని ఛాతీ మీద పెట్టింది. నాన్న లోతుగా, మ్మ్మ్, అన్నాడు.

"తెలిసింది. మళ్ళీ."

మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకా మెల్లగా. ఏమీ జరగడం లేదు. చీకటి పడుతుంది, గున్న ఆగుతుంది, చెట్టు కనిపిస్తుంది, అమ్మ మ్మ్మ్ అంటుంది, అంతే. ఇదేం కథ అని అతనికే విసుగొచ్చింది. నాలుగోసారికి పిల్ల అతనికన్నా ముందే "మ్మ్మ్" అంది. ఆ తర్వాత పాదం బరువెక్కింది.

నాన్న ఊపిరి బిగబట్టి లేచాడు. మోకాలు టక్కుమంది.

"గున్న పడుకుందా?"

పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ వాలాడు. "పడుకుంది. పక్కకి తిరిగి పడుకుంది. వాళ్ళమ్మ దానికి నీడలా నిలబడింది."

ఈసారి నిజంగానే నిద్రపోయింది. అతను మాత్రం కదలడానికి భయపడి, చెయ్యి తిమ్మిరెక్కేదాకా అలాగే ఉండిపోయాడు.

మర్నాడు రాత్రి బుడంకాయ తనే పెద్ద లైటు తీయమంది. నాన్న హుషారుగా మొదలుపెట్టాడు. "గున్న వాళ్ళమ్మ పక్కన నిలబడింది..."

"పక్కన కాదు. కాళ్ళ మధ్య," అంది పిల్ల చిరాగ్గా. "సరిగ్గా చెప్పు."

నాన్న మొదటి నుంచి మొదలుపెట్టాడు.