అరిచి మాన్పించిన సర్వీసు

బుల్లిబాబుకి కోపం వస్తే కొవ్వూరు బజారంతటికీ తెలిసిపోతుంది. ఏప్రిల్‌లో ఒకరోజు అలాగే తెలిసింది. కాలవలు కట్టేశారు, రైతులందరికీ ఒకేసారి బోరు మోటార్లు కావాలి, వాళ్ల మోటార్ల కొట్టు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. నెలనెలా డబ్బు కట్టి వాడుకునే ఆన్‌లైన్ సర్వీసు అది. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు, ఆ తరవాత ఎవరో అమ్మాయి వచ్చి "రీస్టార్ట్ చేసి చూడండి సార్" అంది. అంతే, మన బుల్లిబాబు శివాలెత్తిపోయాడు.

"మీ సర్వీసూ వద్దు, మీరూ వద్దు! ఈరోజుతో సరి. ఇంకోసారి మా గుమ్మం తొక్కకండి!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు. బ్యాంకు యాప్ తెరిచి నెలనెలా వాటంతట అవే పోయే డబ్బుల్ని ఆపించేశాడు. మర్నాడే ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టించుకుని మీసం దువ్వుకున్నాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వదిన రత్నమాణిక్యం ఒక్క మాటే అడిగింది. "చెల్లు తీసుకున్నావా?"

ఆ కొట్టు పద్ధతి అది. మోటార్ల కంపెనీ అయినా సరే, పైపులు తోలే బండివాడైనా సరే, సంబంధం తెగేటప్పుడు కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఇచ్చిపుచ్చుకోవాల్సింది తేల్చుకుని, ఇంక బాకీ లేదని చెల్లుచీటీ రాయించుకోవాలి. ఆవిడ మావగారి కాలం నుంచీ అంతే. భర్త పోయాక కొట్టు తన చేతికొచ్చినా ఆ పద్ధతి వదల్లేదు.

"సాఫ్ట్‌వేర్‌కి చెల్లేంటి వదినా!" అని నవ్వేశాడు బుల్లిబాబు.

ఆ ఏడాది అతని మనసంతా సామర్లకోట మీదే ఉంది. అక్కడ స్టేషన్ రోడ్డులో ఒక షాపు ఖాళీగా ఉంది, బ్రాంచి పెడితే బాగుంటుందని వదినకి చెప్పిచెప్పి ఒప్పించాడు. అయితే ఆవిడ ఒక మెలిక పెట్టింది. "లెక్కలన్నీ ఈసారి నువ్వొక్కడివే తేల్చు. ఆడిటర్ గారు వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేకపోతే సామర్లకోట నీదే." నలభయ్యో పడిలో పడబోతూ ఇంకా "రత్నమాణిక్యం గారి మరిది" అనిపించుకుంటున్న మనిషికి ఇంతకంటే ఆశ ఏముంటుంది!

జూలైలో రాజమండ్రి వెళ్లి ఆడిటర్ ప్రసన్నకుమార్ గారి ముందు కాగితాలు పరిచాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా చూసి వేలు పెట్టారు.

"ఈ సాఫ్ట్‌వేర్ ఖర్చుకి కిందటేడు బిల్లులు ఏవండీ?"

"డబ్బు బ్యాంకులోంచే పోయిందండి. కనబడుతోంది కదండీ."

"డబ్బు పోయినట్టు కనబడుతోంది, దేనికి పోయిందో బిల్లు చెప్పాలి. ఆ బిల్లుల మీద కట్టిన పన్నుకి జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నారు కదా, మన నంబరున్న ట్యాక్స్ ఇన్వాయిస్ మన దగ్గర ఉండి తీరాలండి. సరే, అది అలా ఉంచండి. ఏప్రిల్లో మానేశానన్నారు. మరి ఆ కంపెనీవాళ్లు మే, జూన్ బిల్లులు కూడా మన పేరున జీఎస్టీ పోర్టల్లో ఎక్కించారేంటి? మీరేమో పోర్టల్లో కనబడినదల్లా క్రెడిట్ తీసేసుకున్నారు. వాడని సర్వీసుకి క్రెడిట్ రాదు. మానేసినట్టు రుజువేదైనా ఉందా?"

బుల్లిబాబు అక్కడే ఫోన్ తీశాడు. బిల్లులన్నీ ఆ కంపెనీ సైట్లోనే ఉండేవి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని ఒక్కటీ దించుకోలేదు. ఇప్పుడు తెరిస్తే, బాకీ ఉంది గనక లాగిన్ ఆపేశామంటోంది. ఫోన్ చేస్తే, మీరు మానేస్తున్నట్టు రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు, ఖాతా నడుస్తూనే ఉంది, బిల్లులు కట్టండి అన్నారు.

"వారం టైం తీసుకోండి, ఈలోగా రత్నమాణిక్యం గారికి నేనేమీ చెప్పను," అన్నారు ఆడిటర్ గారు, అతని ముఖం చూసి జాలిపడి.

గోదావరి బ్రిడ్జి దాటుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. వారంలో ఎలాగోలా సర్దేస్తే వదినకి తెలియనే తెలియదు. సామర్లకోట చేజారిపోదు. కానీ కొట్టు ముందు బండి ఆపి లోపల ఆవిణ్ణి చూసేసరికి, పదేళ్లుగా ఒంటిచేత్తో ఇంటినీ కొట్టునీ నిలబెట్టిన మనిషి ముందు నాటకాలాడటానికి అతనికి సిగ్గేసింది. వెళ్లి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాడు.

రత్నమాణిక్యం తిట్టలేదు. "ఏప్రిల్లో నువ్వు అరిచిన రోజు దాకా వాడుకున్నాం కదా. ఆ డబ్బు ఇచ్చావా?"

"అంత ఏడిపించినవాళ్లకి ఇంకా ఇవ్వడమేంటండి!"

"అదీ సంగతి. మన బాకీ ఉంచుకుని వాళ్లని చెల్లు ఎలా అడుగుతాం?" అని ఫోన్ అందుకుంది.

ఆ పూటా, మర్నాడూ ఆవిడ ఆ ఫోన్ వదల్లేదు. ఒకరు ఇంకొకరికి కలిపారు, పాటలు వినిపించారు, లైను కట్ చేశారు. ఆవిడ మధ్యలో పైపులు కొలిపిస్తూ, బేరాలు చూస్తూ మళ్లీ చేసింది. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. బుల్లిబాబు పక్కనే నిలబడి నోరెళ్లబెట్టి చూశాడు. చివరికి అకౌంట్స్‌లో ఆశాజ్యోతి అనే అమ్మాయి దొరికింది.

"అమ్మా, మేం వాడుకున్నంతవరకు కడతాం, బిల్లివ్వండి. వాడనిదానికి వేసిన బిల్లులు మీరు వెనక్కి తీసుకోండి."

"మీరు మానేసినట్టు మా దగ్గర రికార్డు లేదండి మేడమ్."

"ఉంటుందమ్మా. కాల్ రికార్డు చేస్తామని ముందే చెప్తారు కదా మీరు. ఏప్రిల్లో మా మరిది మీకు ఫోన్ చేశాడు. మా బజారంతా విన్నారు, మీ మిషన్ వినకుండా ఎక్కడికి పోతుంది? ఒకసారి వెతికి వినండి."

సాయంత్రానికి ఆశాజ్యోతే ఫోన్ చేసింది. నవ్వాపుకోలేకపోతోంది. "విన్నానండీ. 'ఈరోజుతో సరి' అని చాలా స్పష్టంగా చెప్పారు సార్."

బుల్లిబాబు ముఖం జేవురించింది. రత్నమాణిక్యం ఫోన్ అతని చేతిలో పెట్టి కళ్లతోనే సైగ చేసింది. అతను గొంతు సవరించుకుని, ఎవరో తెలియని ఆ అమ్మాయితో, "ఆరోజు తప్పుగా మాట్లాడానమ్మా, ఏమనుకోకు," అన్నాడు.

ఆ తరవాత పనులు చకచకా జరిగాయి. సర్వీసు మానేస్తున్నామని అతనే మెయిల్ రాశాడు. ఆరోజు వరకు వాడుకున్నదానికి ఆఖరి బిల్లు వచ్చింది, కట్టేశాడు. ఏ తేదీతో సర్వీసు ముగిసిందో చెప్తూ, ఇంక బాకీ ఏమీ లేదని రాసిన మెయిల్ వచ్చింది. ఏప్రిల్లో మిగతా రోజులకీ మే, జూన్‌లకీ వేసిన బిల్లుల్ని రద్దుచేస్తూ క్రెడిట్ నోట్లు వచ్చాయి. లాగిన్ తెరిపించుకుని పాత బిల్లులన్నీ దించుకుని, ఒక కాపీ కంప్యూటర్లో, ఒక కాపీ ఫైల్లో పెట్టాడు. హక్కు లేకుండా తీసుకున్న క్రెడిట్‌ని, అందులో పన్ను కింద వాడేసుకున్నదానికి వడ్డీతో సహా, వెనక్కి కట్టించేశారు ఆడిటర్ గారు. కిందటేడు ఖర్చూ, దాని మీద క్రెడిట్టూ నిలబడ్డాయి.

ఆడిటర్ సంతకం పెట్టిన కాగితాలు తెచ్చి వదిన ముందు పెట్టాడు బుల్లిబాబు. మనసులో ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాడు. ఇంత నిదానం, ఇంత నిబ్బరం తనకి ఏ జన్మకైనా వస్తాయా అనుకున్నాడు.

"సామర్లకోట సంగతి వదిలేయండి వదినా. ఆడిటర్ గారు వేలు పెట్టారు కదా, మాట మాటే. ఆ షాపు ఎవరికైనా ఇచ్చేసుకోమని ఓనరుకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

"ఆయనకి అడ్వాన్సు ఎప్పుడో ఇచ్చేశాను," అంది రత్నమాణిక్యం, గల్లాపెట్టెలో చిల్లర సర్దుతూ.

"ఎప్పుడండీ?"

"రాజమండ్రి నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నావు చూడు, ఆ సాయంత్రమే. ప్రసన్నకుమార్ గారు నీతో చెప్పనన్నారు గానీ, నువ్వు బ్రిడ్జి ఎక్కకముందే ఫోన్ చేసి అంతా చెప్పేశారు. నువ్వు చెప్తావా, దాస్తావా అనే చూస్తూ కూర్చున్నాను."