కళ్ళజోడు సీను ఎవరిది

కళ్ళజోళ్ళ షాపుకి అందరూ కళ్ళు తీసుకుని వస్తారు. ఆ పొద్దున అక్క మాత్రం చెవులు తీసుకుని వచ్చింది.

తమ్ముడు కౌంటరు వెనక నిలబడి ఒక బస్సు కండక్టరు ముక్కు మీద పరీక్ష ఫ్రేము నిలబెట్టాడు. అందులో గుండ్రటి అద్దాలు ఒకటి వేస్తూ, ఒకటి తీస్తూ, "ఇందాకటిది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతున్నాడు. చేతులు అద్దాల మీద ఉన్నాయిగానీ నోరు తన పాత కథ మీదే ఉంది. ఆ కథ వినకుండా ఆ షాపులో ఎవరికీ కళ్ళజోడు దక్కదు. ఫ్రేముకి డబ్బు, అద్దానికి డబ్బు, కథ మాత్రం ఉచితం. తప్పించుకుందామంటే, పాపం, గుమ్మం ఎటుందో కళ్ళజోడు లేనివాడికి కనపడదు.

"శవం పక్కన కళ్ళజోడుందండీ. చచ్చిన ముసలాయనకి చత్వారం. చత్వారం అద్దం పేపరు మీద పెడితే అక్షరాలు పెద్దవి కావాలి కదా? డిటెక్టివు పెట్టి చూస్తే చిన్నవైపోయాయి! అంటే ఆ జోడు చచ్చినవాడిది కాదు, చంపినవాడిది. టీవీలో ఆ సీను వచ్చిన రోజే మా నాన్న నా వైపు చూసి, 'నీ చూపే చూపు' అన్నాడు. ఆ ఒక్క మాట మీదే ఈ షాపు లేచింది."

"ఆ మాట అన్నది నాతో," అంది గుమ్మంలోంచి అక్క.

కండక్టరు అటు తిరిగాడు. ఆయనకి ఒక మసక చీర, ఒక మసక సంచీ, వాటి మధ్య చాలా స్పష్టమైన కోపం కనిపించాయి.

అక్కది అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు ఉద్యోగం. ప్రూఫు లేకుండా మాట్లాడదని ఆవిడకి పేరు. పేరుకి తగ్గట్టు సంచీలో ఎప్పుడూ ఒక కట్ట ప్రూఫులుంటాయి. చిన్నప్పటినుంచీ తమ్ముడు చేసే తప్పులన్నీ ఆవిడకి అచ్చుతప్పుల్లా కనిపించేవి: చూసిన వెంటనే దిద్దాలి, ఎర్ర సిరాతో దిద్దాలి. కానీ ఇవాళ్టిది అచ్చుతప్పు కాదు, దొంగతనం. నాన్న పోయాక పంచుకోవడానికి ఒక గోడ గడియారం, రెండు కుర్చీలు, ఆ ఒక్క మాట మిగిలాయి. గడియారం, కుర్చీలు ఎవరు పట్టుకుపోయినా ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

"ఏ సీరియల్‌రా అది?" అంది, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"'ఏడుగురిలో ఒకరు'. నాన్నా నేనూ చూశాం. నువ్వప్పుడు కాలేజీ హాస్టల్లో ఉన్నావు."

"కాదు. 'తప్పటడుగు'. నాన్నా నేనూ చూశాం. నువ్వప్పుడు పక్కమీద ఉన్నావు. పక్క తడుపుతూ."

కండక్టరు దగ్గాడు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

సంగతి ఇదీ. 'తప్పటడుగు' వచ్చే రోజుల్లో అక్క పదకొండేళ్ళది, తమ్ముడు అయిదేళ్ళవాడు. వాడికి జోలపాడి పడుకోబెట్టడం అక్క డ్యూటీ. ఆ తరవాత నాన్నా అక్కా టీవీ ముందు కూర్చునేవాళ్ళు. 'ఏడుగురిలో ఒకరు' వచ్చేసరికి అక్క హాస్టలుకి వెళ్ళిపోయింది. అప్పుడు నాన్న పక్క కుర్చీ తమ్ముడిదైంది. కాబట్టి కళ్ళజోడు సీను ఏ సీరియల్‌లో ఉంటే నాన్న మాట ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళది. కన్ను కుట్టడమనే పని కంటి డాక్టర్లు మత్తిచ్చి చేస్తారు. తోబుట్టువులు మత్తివ్వకుండా చేసుకుంటారు.

"నాకు హాలు గుర్తుందక్కా," అన్నాడు తమ్ముడు. "అందరూ హాల్లో కూర్చున్నారు. డిటెక్టివు ప్లీడరుగారు ఒక్కొక్కరినీ నిలదీస్తున్నాడు. హాల్లో అందరినీ కూర్చోబెట్టేది ఆ సీరియల్లోనే. 'తప్పటడుగు'లో డిటెక్టివు, ఆ కుంటి ఇన్సూరెన్సాయన, ఎవరింటికి వాళ్ళింటికే వెళ్ళి కాఫీ తాగుతూ ప్రశ్నలతో ప్రాణం తీసేవాడు."

"సరే. నాన్న ఇంకో మాట కూడా అన్నాడు. అదేంటో నువ్వే చెప్పు."

"'కళ్ళజోడు మీద కన్నేసి ఉంచు' అన్నాడు."

"ఎప్పుడన్నాడు? డిటెక్టివు వచ్చాకా, రాకముందా?"

"రాకముందే."

"దొరికావు," అంది అక్క. "'ఏడుగురిలో ఒకరు'లో హంతకుడెవరో చివరిదాకా చెప్పరు. మనకి ఆధారం చూపిస్తారు, చూపించినట్టు తెలియనివ్వరు. బల్ల మీద కళ్ళజోడుంటే దాని పక్కన పాల గ్లాసు, చిరిగిన ఉత్తరం, ఆగిపోయిన గడియారం పెడతారు. కెమెరా అన్నిటి మీదుగా చీపురేసినట్టు పోతుంది. కళ్ళజోడు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగిందా, అసలు గుట్టు అక్కడే బయటపడిపోతుంది. మరి నాన్నకి ముందే ఎలా తెలిసింది?"

"నాన్న తెలివైనవాడు."

"నాన్న తన చెప్పులు తనే వెతుక్కోలేకపోయేవాడు. 'తప్పటడుగు'లో హత్య మొదటి సీన్లోనే మన కళ్ళముందే జరుగుతుంది. ఎవరు చంపారో తెలుసు, ఎందుకు చంపారో తెలుసు. వాడెక్కడ కాలు జారాడన్నదే కథ. వాడు కరెంటు తీసేసి, తడుముకుంటూ, తన జోడనుకుని ముసలాయన జోడు పెట్టుకుపోయాడు. రెండూ నల్ల ఫ్రేములే. ఖాళీ గదిలో బల్ల మీద మిగిలిన జోడు మీద కెమెరా ఆగింది. అప్పుడన్నాడు నాన్న, 'కళ్ళజోడు మీద కన్నేసి ఉంచు' అని. అక్కడ మన పని ఎవరు చంపారో పట్టడం కాదురా, డిటెక్టివు ఎప్పుడు పడతాడా అని కాచుకోవడం."

తమ్ముడు చేతిలో అద్దం తుడిచాడు. అది అప్పటికే తుడిచిన అద్దం. అక్క తర్కంలో బొట్టంత మరక కూడా లేకపోవడం వాడికి నచ్చలేదు.

"నిన్ననే జరిగినట్టు చెబుతున్నావే! నాన్న మాట మాత్రం నీకే గుర్తుండాలా? ఏం, నాన్నని నువ్వొక్కదానివే కన్నావా?"

"కన్నది నాయనమ్మ. విన్నది నేను."

"బాబూ," అన్నాడు కండక్టరు, "నా ఎడమ కన్ను సంగతి..."

"మీరు దిగేది ఆఖరి స్టాపే కదండీ, కూర్చోండి," అంది అక్క, ఫోను తీస్తూ.

పాత సీరియళ్ళన్నీ ఇప్పుడు ఎవరో ఒకరు ఇంటర్నెట్లో పెడుతూనే ఉన్నారు. తమ్ముడు వద్దన్నాడు, సిగ్నలు రాదన్నాడు, బ్యాటరీ అయిపోతుందన్నాడు. సిగ్నలు వచ్చింది. 'తప్పటడుగు' పాట వచ్చింది. హంతకుడు కరెంటు తీసేశాడు, చీకట్లో వాడి చెయ్యి తడుముకుంది, దీపం వెలిగింది, కెమెరా బల్ల మీది నల్ల ఫ్రేము మీద ఆగింది. ఆగి, అక్క తృప్తిపడేదాకా అక్కడే ఉంది.

అక్క ముఖం అప్పుడే పాలిష్ పట్టిన అద్దంలా మెరిసింది. "ఇంకేం అంటావు?"

తమ్ముడు చేతిలో అద్దం కౌంటరు మీద పెట్టేశాడు. ఇరవై ఏళ్ళు చెప్పుకున్న కథ. చెప్పిన ప్రతిసారీ నాన్న తనవైపే తిరిగాడు. ఇప్పుడు అక్కడ కూర్చుని ఉన్నది రెండు జడల అక్క. తను పక్కగదిలో దుప్పటి కింద ఉన్నాడు. వాడి కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టుంది. ఎవరూ పోయలేదు, తనే పోసుకున్నాడు.

ఫోన్లో కుంటి ఇన్సూరెన్సాయన ఆ జోడు తీసి పేపరు మీద పెట్టాడు. "చిత్రం! అక్షరాలు చిన్నవయ్యాయే!" అన్నాడు.

"ఆపు," అన్నాడు తమ్ముడు. "వెనక్కి తిప్పు."

తిప్పింది.

"మళ్ళీ."

"ఎన్నిసార్లు తిప్పినా 'ఏడుగురిలో ఒకరు' అవ్వదురా."

"అది కాదు. అక్షరాలు చూడు. ఎక్కడ చిన్నవయ్యాయి?"

అక్క ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. అద్దం లోపలి అక్షరాలు, అద్దం బయటి అక్షరాలు ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆయన జోడు అటూ ఇటూ జరిపినా ఒక్క అక్షరం కదల్లేదు.

"నంబరు లేని అద్దాలు," అన్నాడు తమ్ముడు. ఆ మాట అన్నది జెలసీ కాదు, వృత్తి. "షూటింగుల్లో మామూలు గాజే వేస్తారు. నంబరుదైతే పెట్టుకున్న నటుడికి దారి కనపడదు, చూసేవాళ్ళకి వాడి కళ్ళు చీమల్లా కనపడతాయి. ఆయన చిన్నవయ్యాయని నోటితో అన్నాడంతే. నిజంగా దూరం ఆననివాళ్ళ మైనస్ అద్దమైతే చిన్నవవుతాయి, అద్దం ఎటు జరిపితే అక్షరం కూడా అటే జరుగుతుంది. ఇందులో ఏదీ లేదు."

"నేను చూశాన్రా. చిన్నవవడం నా కళ్ళతో చూశాను."

"నేనూ చూశాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టీవీలో లేని దాన్ని ఇద్దరూ చూశారంటే, చూపించినవాడు టీవీ బయట ఉన్నాడు.

"నాన్న," అంది అక్క మెల్లిగా. "సీరియలైపోయాక తన జోడు తీసి పేపరు మీద పెట్టి చూపించాడు. నాన్నది మైనసే."

"అవును. మైనస్ ఆరు." వాడు డ్రాయరు లాగి మైనస్ ఆరు అద్దం తీశాడు. అక్క సంచీలోంచి ఒక ప్రూఫు కాగితం లాగి, దానిమీద కాస్త ఎత్తులో పట్టుకున్నాడు. అక్షరాలు ముడుచుకుపోయాయి. "ఇలాగేనా?"

"ఇలాగే," అంది అక్క. అక్షరాల విషయంలో అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు. అది ఆవిడ జబ్బు. "కాకపోతే..."

"కాకపోతే?"

"తలకిందులుగా ఉన్నాయి. బాగా గుర్తు. హెడ్డింగు కిందుంది, బొమ్మలో మనిషి కాళ్ళు పైకున్నాయి."

తమ్ముడు అద్దం ఎత్తాడు, దించాడు, కాగితానికి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. అక్షరాలు ఎంత చిన్నవైనా నిటారుగానే నిలబడ్డాయి.

"మైనస్ అద్దం అక్షరాన్ని చిన్నది చేస్తుందక్కా. తలకిందులు చెయ్యదు. చత్వారం అద్దాన్ని బాగా దూరంగా పట్టుకుంటే చేస్తుంది. ఇది ఎంత దూరం పట్టుకున్నా చెయ్యదు. తలకిందులుగా కనపడిందంటే..."

వాడు ఆగిపోయాడు. పూర్తిచెయ్యాలనే ఉంది. అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

"పేపరుకి అటువైపు ఉన్నానన్నమాట," అని అక్కే పూర్తిచేసింది.

నాన్న పేపరు అక్క వైపు తిప్పలేదు. అప్పుడు తను కుర్చీ దిగి ఎదురుగా నేలమీద కూర్చుంది. మరి పేపరు ఎవరి వైపు తిరిగి ఉంది?

అక్క కౌంటరు మీది కాగితాన్ని వేలితో మెల్లిగా అటు తిప్పింది, మళ్ళీ ఇటు తిప్పింది. ఆ రాత్రి ఎవరో పక్కగదిలోంచి ఏడుస్తూ వచ్చారు. సీరియల్ చివర్లో కుక్కలు మొరిగే సీనొకటుంది, దానికి లేచి ఉంటాడు. నాన్న ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఏడుపు మాన్పడానికి జోడు తీసి పేపరు మీద పెట్టాడు.

"'చీమలైపోయాయి నాన్నా' అన్నావు," అంది. "ముక్కు కారుతోంది. చదవడం కూడా రాదు నీకు. నేను మొదటి సీన్నుంచీ కాపలా కాశాను ఆ జోడుని. మొత్తం కథ చూశాను. నువ్వు ఆఖర్న వచ్చి చీమలన్నావు. నాన్న 'నీ చూపే చూపు' అన్నాడు."

ఎన్నో ఏళ్ళు అక్క తనదనుకుని దాచుకున్న మాట. దాచింది తనే, ఆ మాట వచ్చినప్పుడు పక్కనున్నదీ తనే. కానీ మాట మాత్రం తన నెత్తి మీదుగా వెళ్ళి వాడి ఒళ్ళో పడింది.

తమ్ముడికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెయ్యలేదు. వాడికి ఆ రాత్రి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. గుర్తున్నదల్లా నాన్న చేతులు, ముడుచుకుపోయిన అక్షరాలు. ఆ హాలు, ఆ ప్లీడరు, అక్క నోట విన్న 'కన్నేసి ఉంచు' తరవాతెప్పుడో వచ్చి అతుక్కున్నవి. గెలిచినవాడికి గుర్తులేదు, ఓడినావిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇప్పుడు వాడికి ఆ గుర్తు మీద అసూయ పుట్టింది.

"ఇంకా ఏమన్నాడక్కా? ఏ చొక్కా వేసుకున్నాడు?"

"చెప్పను," అంది అక్క.

"అక్కా."

"ఆ రోజు నిన్ను పడుకోబెట్టింది నేను," అంది ప్రూఫులు సంచీలో కుక్కుతూ. "సీరియల్ టైమైపోతోందని జోలపాట రెండు చరణాల్లో ముగించేశాను. మూడోది కూడా పాడి ఉండాల్సింది."