కరెంటు ఎవరి పేరున

సత్యప్రియ రైస్ కుక్కర్ స్విచ్ వేయగానే ఇల్లంతా చీకటైంది.

ఇటలీలోని పడోవా ఊళ్ళో ఆ ఫ్లాటులో ముగ్గురు అద్దెకున్నారు: ఆమె, మత్తేఓ, ఇలారియా. ముగ్గురూ యూనివర్సిటీ విద్యార్థులే. ఇదివరకు ఓవెనూ వాషింగ్ మెషీనూ ఒకేసారి వేస్తేనే కరెంటు పడిపోయేది. వారంగా కుక్కర్ ఒక్కదానికే పడిపోతోంది. సత్యప్రియది తమిళనాట విళాత్తికుళం పక్క నాగలాపురం, తెలుగిల్లు. లో వోల్టేజీ ఆమెకు వింత కాదు. అందుకే ఎవరినీ అడగకుండా కిందికి వెళ్ళి మీటరు మీట పైకి లేపి వచ్చేది.

ఆ సాయంత్రం మీటరు మీది అక్షరాలు చదివింది. పవరు తగ్గించినట్టు ఉంది. మెట్ల దగ్గర నిలబడే కంపెనీకి ఫోన్ చేసింది.

రెండు బిల్లులు కట్టలేదని అవతలి మనిషి చెప్పాడు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపామన్నాడు. అందినట్టు సంతకం కూడా ఉందన్నాడు. పవరు ఇప్పుడు పదిహేను శాతం మాత్రమే. పదిహేను రోజుల్లో కట్టకపోతే పూర్తిగా తీసేస్తారు. అందులో వారం అయిపోయింది. తర్వాత బాకీ వసూలు చేసేవాళ్ళకు పోతుంది.

"ఎవరి మీద వసూలు చేస్తారు?"

"మీ మీదే, సిన్యోరా. కాంట్రాక్టు మీ పేరున ఉంది."

ఆ సంతకం ఆమె పెట్టలేదు.

ఇంట్లో చేరినప్పుడు కరెంటు ఎవరో ఒకరి పేరుకు మార్చుకోమని ఓనరు అడిగితే ఆమే ముందుకొచ్చింది. నాగలాపురంలో కరెంటు ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్ళదన్నట్టు. ఆ కబురు విని నాయన ఊరంతా చెప్పుకున్నాడు. బిల్లులు కింద పోస్టు డబ్బాలోకి వచ్చేవి. దాని తాళంచెవి మత్తేఓ దగ్గర ఉండేది. ఆమె తన వంతు నోట్లు అతని చేతికిచ్చేది. అక్కడ బిల్లులు కూడా కట్టించుకునే పొగాకు కొట్టులో కడతానని అతను జేబులో పెట్టుకునేవాడు.

నాయన గోవిందరాజ్‌కు ఫోన్ చేసింది.

"నాయనా, మన తెరువులో కరెంటు కాసు ఎవురు కడతారు?"

"ఇదేం కేళ్వి? మునియమ్మాళ్ దా. అందరి కార్డులూ ఎత్తుకోని ఈబీ ఆఫీసుకు పోయి కట్టి వస్తాది."

"రసీదు అడుగుతారా?"

"మునియమ్మాళ్నా? అడిగితే చీపురు ఎత్తుకోని వస్తాది." నవ్వాడు. "ఏంటికి అడుగుతుండావు?"

"ఇక్కడా ఒక మునియమ్మాళ్ ఉండాడు నాయనా. వాడు కట్టలేదు."

నవ్వు ఆగింది. "కరెంటు నీ పేరునదానే ఉండాది?"

"అవును."

"ఊరుగాని ఊరు. ఒంటిగా సండై పెట్టుకోబాకు, అమ్మా. బుద్ధిగా అడుగు."

గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఫ్లాటు వాట్సాప్ గ్రూపులో, తనకు వచ్చిన చిన్న చిన్న ఇటాలియన్ మాటలతో రాసింది. డబ్బు ఇచ్చానన్న వాక్యం రెండుసార్లు చెరిపి మళ్ళీ పెట్టింది.

"Ciao ragazzi. La luce non è pagata, due bollette. Matteo, io ti ho dato i soldi. Hai le ricevute? Dobbiamo pagare entro venerdì. Grazie."

కరెంటు బిల్లులు రెండు కట్టలేదు, మత్తేఓ, నేను నీకు డబ్బిచ్చాను, రసీదులున్నాయా, శుక్రవారంలోగా కట్టాలి. అంతే రాసింది. దొంగ అన్న మాట ఆమెకు ఇటాలియన్‌లో తెలుసు. రాయలేదు.

గోడ అవతల మత్తేఓ ఫోన్ మోగింది. హాలు చివర ఇలారియాదీ మోగింది. ఇద్దరూ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. ఇద్దరి తలుపులూ మూసే ఉన్నాయి.

జవాబు వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి.

"Però il contratto è a nome tuo." కానీ కాంట్రాక్టు నీ పేరున ఉంది కదా, అన్నాడు మత్తేఓ.

రసీదుల ఊసు లేదు. దాని కింద ఇలారియా, సరేనన్నట్టు, పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టింది. ఇలారియా అతనికి డబ్బివ్వడం తానెప్పుడూ చూడలేదని సత్యప్రియకు అప్పుడు తట్టింది. నోటీసు మీద సంతకం ఇద్దరిలో ఎవరిదైనా ఒకటే, ఇంక అడగనక్కర లేదనిపించింది.

కంపెనీకి మళ్ళీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది. కాంట్రాక్టు ఎవరి పేరున ఉందో వాళ్ళు ఎప్పుడైనా దాన్ని మూయించవచ్చు, ఇంటికి కరెంటు ఆగిపోతుంది, పాత బాకీ మాత్రం పోదు అని చెప్పారు. బాకీ తన నెత్తిన ఎలాగూ పడింది. ఆ పై నెలలన్నా పడకుండా ఉంటాయి.

గ్రూపులో రాసింది. "Allora venerdì lo chiudo." అయితే శుక్రవారం దాన్ని మూసేస్తాను.

ఈసారి నీలం గీతలు వెంటనే పడ్డాయి. గోడ అవతల కుర్చీ జరిగింది. హాలు చివర తలుపు తెరుచుకుంది. మాటలు వినిపించాయి. తక్కువ గొంతుతో, తొందరగా మాట్లాడుకుంటున్నారు. ఆమెకు ఒక్క మాట అర్థమైంది, తన పేరు.

అడుగులు హాల్లోంచి వచ్చాయి. రెండు జతలు. ఆమె గది ముందు ఆగాయి.

తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు.